అంతరా ఇంజెక్షన్ తర్వాత నెలసరి లెక్క ఎలా చూసుకోవాలి

నేను హైదరాబాద్‌లో ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. గర్భం రాకుండా మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ ఎంతోమందికి వేశాను. 2017 నుంచి ప్రభుత్వం దీన్ని ‘అంతరా’ పేరుతో ఉచితంగా ఇస్తోంది. బయట మెడికల్ షాపులో దొరికేదీ అదే మందు: మెడ్రాక్సీప్రొజెస్టిరాన్, 150 మిల్లీగ్రాములు, చేతికో పిరుదుకో వేస్తారు.

మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లలో చాలామంది రెండోదానికి రారు. ఎందుకు రాలేదని ఫోన్ చేసి అడిగితే ఎక్కువగా వినపడేది ఒకటే మాట. “మేడం, డేట్ అంతా గడబిడ అయింది.” ముందు ఆగకుండా మరకలు, తర్వాత అసలు రాకపోవడం, మానేశాక కూడా నెలలు గడిచినా తిరిగి రాకపోవడం. ఈ మూడూ ఒకే మందు చేసే పని, దాదాపు ఒకే వరుసలో జరుగుతాయి. ఆ వరుస ముందే తెలిస్తే ఏ దశలో ఏం చేయాలో, ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో తేలిగ్గా తేల్చుకోవచ్చు.

మా చిన్నాడపడుచు ఈ దారంతా నడిచింది. ఆమెను శైలజ అని పిలుద్దాం. తన తేదీలన్నీ రాసి పెట్టుకుంది కాబట్టి, తను ఒప్పుకుంది కాబట్టి, ఆ తేదీలతోనే చెబుతాను.

మొదటి పని: ఇంజెక్షన్ తేదీని క్యాలెండర్‌లో ఎక్కించండి

ఇంజెక్షన్ వేసినప్పుడు ఒక కార్డు ఇస్తారు. దానిమీద వేసిన తేదీ, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. ఆ కార్డు బీరువాలో చీరల కింద దాచేస్తారు, తర్వాత కనపడదు. అందుకే ఇంటికి రాగానే గోడకున్న తెలుగు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టండి. అత్తగారింట్లో ఎవరికీ తెలియకూడదనుకుంటే ఫోన్‌లో రాసుకోండి. మున్ముందు రాబోయే లెక్కలన్నీ ఈ ఒక్క తేదీ నుంచే మొదలవుతాయి.

శైలజ మొదటి ఇంజెక్షన్ 2022 జూన్ 6న వేయించుకుంది. అప్పటికి తనకు నెలసరి మూడో రోజు. నెలసరి మొదలైన 7 రోజుల్లోపు వేయించుకుంటే మందు వెంటనే పనిచేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు వేయించుకున్నా, గర్భం లేదని తేల్చుకుని వేయించుకుని, 7 రోజులు కండోమ్ వాడాలి.

తర్వాతి ఇంజెక్షన్ సెప్టెంబర్ 6న. ఆ రోజు ఊళ్లో పెళ్లుంటేనో, పిల్లాడికి జ్వరమొస్తేనో కంగారు పడక్కర్లేదు. రెండు వారాలు ముందుగానైనా, నాలుగు వారాలు ఆలస్యంగానైనా వేయించుకోవచ్చు. అంటే శైలజకు ఆగస్టు 23 నుంచి అక్టోబర్ 4 దాకా సమయం ఉన్నట్టు. అలాగని ఆ చివరి తేదీ కోసం చూస్తూ కూర్చోకండి. అక్టోబర్ 4 కూడా దాటిపోతే మాత్రం ముందు గర్భం లేదని పరీక్ష చేయించుకున్నాకే ఇంజెక్షన్.

ఇంకొక చిన్న మాట. ఇంజెక్షన్ వేసిన చోట రుద్దకండి, వేడినీళ్ల కాపడం పెట్టకండి. మన ఇళ్లలో సూది వేయించుకుని రాగానే ఎవరో ఒకరు ప్రేమతో ఆ చేయి నిమరడానికి వచ్చేస్తారు. ఈ మందు కండలో సన్నని రేణువులుగా నిలిచి, రోజుకు కొంచెం చొప్పున కరుగుతూ మూడు నెలలు పనిచేయాలి. రుద్దితే తొందరగా కరిగిపోతుంది, చివరి రోజుల్లో రక్షణ తగ్గిపోవచ్చు.

రెండో పని: మొదటి మూడు నెలలు రోజూ ఒక గుర్తు పెట్టండి

శైలజకు జూన్ 27న మొదలైంది. ముందు గోధుమ రంగు మరకలు. రెండు రోజులు ఆగి మళ్లీ ఎర్రగా. ప్యాడ్ నిండేంత కాదు, అలాగని ప్యాడ్ లేకుండా ఉండేంతా కాదు. జులైలో బోనాలు దగ్గరపడ్డాయి. వాళ్లింట్లో పెద్ద కోడలు తనే కాబట్టి బోనం తనే ఎత్తాలి. ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసింది. “వదినా, బోనం ఎత్తుకోవాలె, ఇదేమో ఆగుతలేదు. రేపొస్తదో ఎల్లుండొస్తదో ఎట్ల తెలుస్తది?”

తెలియదు. తనకు చెప్పింది అదే, మీకు చెప్పేదీ అదే. ఈ మొదటి నెలల్లో వచ్చేది నెలసరి కాదు కాబట్టి దానికి తేదీ ఉండదు.

కారణం ఇదీ. మామూలు నెలలో అండం తయారయ్యేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి, గర్భాశయం లోపలి పొరను మందంగా చేస్తుంది. గర్భం రాకపోతే ఆ పొర అంతా ఒక్కసారిగా ఊడి బయటికి వస్తుంది. అది నెలసరి. ఇంజెక్షన్‌లోని మందు అండం విడుదల కాకుండా ఆపేస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది, లోపలి పొర మందం కాకుండా పల్చగా ఉండిపోతుంది. పల్చటి పొరలో ఉండే సన్నని రక్తనాళాలు బలహీనంగా ఉంటాయి. పల్చగా అలికిన నేల ఇక్కడొక పెచ్చు, అక్కడొక పెచ్చు ఊడినట్టు, ఆ పొర ఎక్కడో ఒకచోట చిట్లి కాస్త రక్తం వస్తుంది. ఈరోజు ఇక్కడ, నాలుగు రోజులకు ఇంకోచోట. అందుకే మూడు రోజులొచ్చి, రెండు రోజులాగి, మళ్లీ వచ్చినట్టు అనిపిస్తుంది. వేడి చేసి కాదు, చెడు రక్తం పోవడమూ కాదు.

ఆ రోజుల్లో శైలజతో నేను చేయించింది ఒక్కటే. క్యాలెండర్‌లో తిథీ రాహుకాలం రాసి ఉండే గడిలో, కింద మూలన, బాల్‌పెన్‌తో ఒక గుర్తు. మరక మాత్రమే అయితే చుక్క. ప్యాడ్ మార్చాల్సి వస్తే గీత, ఎన్ని మారిస్తే అన్ని గీతలు. ఏమీ లేకపోతే ఖాళీ. జూన్ 27 నుంచి నెల రోజులు చూస్తే ఆ గడుల్లో పద్నాలుగు చుక్కలు, ఐదు రోజుల గీతలు. గీతలున్న ఏ రోజూ రెండు దాటలేదు. అప్పటిదాకా “నెలంతా ఆగకుండా పోతూనే ఉంది” అంటున్న మనిషి ఆ కాగితం చూసి కాస్త కుదుటపడింది. నాకూ తేలింది: రోజులు ఎక్కువే గానీ రక్తం ఎక్కువ కాదు. డాక్టరుకు కావాల్సింది కూడా ఈ తేడాయే. “చాలా అవుతోంది మేడం” అంటే ఆమెకు ఏమీ అర్థం కాదు. ఐదు రోజులు రెండేసి ప్యాడ్లు అంటే వెంటనే అర్థమవుతుంది.

బోనం ఆ ఏడాది తోడికోడలు ఎత్తింది. శైలజ బాధపడింది. పండక్కి ముందు మెడికల్ షాపులో డేట్ వాయిదా వేసే మాత్రలు అడిగి తెచ్చుకోవాలనిపిస్తుంది, నాకు తెలుసు. ఆ మాత్రలు నెలనెలా సక్రమంగా వచ్చే నెలసరిని నాలుగు రోజులు వెనక్కి నెట్టడానికి వాడేవి. ఇక్కడ నెట్టడానికి నెలసరే లేదు. సొంతంగా తెచ్చుకుని వేసుకోకండి. ముఖ్యమైన వేడుక ఉందని తెలిస్తే, ఇంజెక్షన్‌ను దానికి ముందు నెలలో మొదలుపెట్టకుండా వేడుక అయ్యాక మొదలుపెట్టడం మంచిది. అప్పటిదాకా కండోమ్ ఉంది.

మూడో పని: రక్తం ఇబ్బంది పెడితే ఏం చేయాలో తేల్చుకోండి

మరకలు మాత్రమే అయితే, మీకు ఇబ్బంది లేకపోతే, మందేమీ అక్కర్లేదు. చాలామందిలో రెండో ఇంజెక్షన్ తర్వాత తగ్గుతూ వస్తుంది.

మరకలు ఆగకుండా సతాయిస్తుంటే డాక్టరు మెఫనమిక్ యాసిడ్ రాస్తారు. 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, తిన్నాక, ఐదు రోజులు. కడుపునొప్పికి మనవాళ్లు కొనుక్కునే, పేరు చివర ‘స్పాస్’ అని ఉండే మాత్ర అదే అనుకోకండి. అందులో మెఫనమిక్ సగమే ఉంటుంది, ఇంకో మందు కలిసి ఉంటుంది. గ్యాస్ అల్సర్, కిడ్నీ ఇబ్బంది, ఆస్తమా ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి. ఈ మందు ఆ విడత రక్తాన్ని తగ్గిస్తుంది, అంతే. మళ్లీ వచ్చే నెలలో రాకుండా ఆపదు. “మాత్రలు వేసుకున్నా మళ్లీ వచ్చింది, మందు పనిచేయలేదు” అని అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

రక్తం నిజంగానే ఎక్కువైతే, అంటే మీకు మామూలుగా అయ్యేదానికి రెట్టింపు అవుతుంటే, లేదా బాగా అవుతూ 8 రోజులు దాటితే, డాక్టరు ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలను 21 రోజులపాటు ఇవ్వవచ్చు. పల్చబడిన పొరకు అవి కొంత బలమిస్తాయి. పాలిచ్చే తల్లులకు, బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులతో తలనొప్పి వచ్చేవాళ్లకు ఆ మాత్రలు సరిపడకపోవచ్చు. అందుకే షాపులో అడిగి కొనేవి కావు అవి. దాంతోపాటు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. బస్తీ దవాఖానాలో రక్తం ఇస్తే సరిపోతుంది. తక్కువుంటే ఐరన్ మాత్రలు అక్కడే ఇస్తారు.

తరచుగా చూసే రెండు పొరపాట్లు ఉన్నాయి. ఒకటి, రక్తం ఆగాలని రెండో ఇంజెక్షన్‌ను ముందే వేయమని అడగడం. ముందే వేసినంత మాత్రాన రక్తం ఆగదు. రెండోది, రక్తం అవుతోందని రెండో ఇంజెక్షన్ మానేయడం, మానేయగానే ఆగిపోతుందనుకోవడం. కండలో మందు ఇంకా ఉంటుంది. అది కరిగి పోయేదాకా మరకలు ఇంకొన్ని వారాలు సాగవచ్చు. అదే సమయంలో గర్భం నుంచి రక్షణ మాత్రం పోతుంది. మానేయడం మీ ఇష్టం, ఎవరూ కాదనకూడదు. కానీ మానేస్తే ఆ రోజు నుంచే వేరే పద్ధతి మొదలుపెట్టండి.

గంటకో ప్యాడ్ తడిసిపోతూ రెండు మూడు గంటలు దాటితే, కళ్లు తిరుగుతుంటే, ఎవరినీ అడగకుండా ఆసుపత్రికి వెళ్లండి. హైదరాబాద్‌లో పేట్లబుర్జు, కోఠి సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రులు, గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి, జ్వరంతో పాటు దుర్వాసన, కలయిక తర్వాత రక్తం కనపడడం, ఇవి ఇంజెక్షన్ ఖాతాలో వేయకండి. ఇన్ఫెక్షన్, ఫైబ్రాయిడ్, గర్భసంచి ముఖద్వారంలో మార్పు, ట్యూబులో గర్భం, ఏదైనా కావచ్చు. ‘సూది వల్లేలే’ అనుకుని నెలలు గడిపేసి, తర్వాత వేరే జబ్బు బయటపడ్డవాళ్లను చూశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగో పని: ఆగిపోయినప్పుడు కంగారు పడకుండా ఒక్కసారి తేల్చుకోండి

శైలజకు రెండో ఇంజెక్షన్ సెప్టెంబర్ 6నే పడింది. అక్టోబర్‌లో నాలుగు చుక్కలు. నవంబర్‌లో ఒకటి. డిసెంబర్ 6న మూడో ఇంజెక్షన్. ఆ తర్వాత క్యాలెండర్ గడులన్నీ ఖాళీ.

మొదట్లో ఆగట్లేదని భయపడిన మనిషి ఇప్పుడు రావట్లేదని భయపడింది. వాళ్ల అత్తగారు ఇంకో మాట చెప్పారట. లోపల చెడు రక్తం గడ్డ కడుతుందని, అది తలకెక్కుతుందని. తెలుగులో ఈ ఇబ్బంది మన భాషలోనే ఉంది. ‘నెల తప్పింది’ అంటే డేట్ రాలేదనీ అర్థమే, గర్భం వచ్చిందనీ అర్థమే. రెండూ ఒకటే అన్నట్టు పెరిగాం మనం. ఇంజెక్షన్ మీద ఉన్నప్పుడు ఆ రెండూ ఒకటి కావు.

రక్తం లోపల పేరుకోదు. పొర మందం కాలేదు కాబట్టి ఊడడానికి ఏమీ లేదు. స్కాన్ తీస్తే రిపోర్టులో ఎండోమెట్రియం మందం అని రాసిన చోట కొన్ని మిల్లీమీటర్లే కనపడుతుంది. సంవత్సరం పాటు సక్రమంగా వేయించుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. రెండేళ్లు వేయించుకున్నవాళ్లలో ఇంకా ఎక్కువ మందికి ఆగుతుంది. మిగతావాళ్లకు అప్పుడప్పుడు మరకలు కనపడుతుంటాయి. అదీ మామూలే. రక్తం తక్కువున్నవాళ్లకు ఇలా ఆగడం మేలే చేస్తుంది.

అయినా మనసు ఊరుకోదు. అప్పుడు ఒక పరీక్ష చేసుకోండి. ఆశా వర్కర్ దగ్గర నిశ్చయ్ కిట్ ఉచితంగా దొరుకుతుంది, షాపులోనూ తక్కువ ధరకే దొరుకుతుంది. పొద్దున్నే మొదటి మూత్రంతో చేయండి. ఒక గీత వస్తే గర్భం లేదు. రెండు గీతలొస్తే వెంటనే ఆరోగ్య కేంద్రానికి రండి. ఇంజెక్షన్లన్నీ సమయానికి వేయించుకున్నవాళ్లలో ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి మాత్రమే గర్భం వస్తుంది. కాబట్టి ప్రతి నెలా పరీక్ష చేసుకుంటూ టెన్షన్ పడక్కర్లేదు. ఇంజెక్షన్ నాలుగు వారాలకు మించి ఆలస్యమైతేనో, వాంతులు, రొమ్ముల్లో బరువు లాంటివి కనపడితేనో చేసుకుంటే చాలు.

ఎన్నో నెలలు ఏమీ లేకుండా ఉండి, ఇంజెక్షన్ మానకుండానే ఒక్కసారిగా ఎక్కువ రక్తం మొదలైతే మాత్రం చూపించుకోండి. మొదటి నెలల్లో వచ్చే మరకలు వేరు, ఇది వేరు.

ఐదో పని: పిల్లలు కావాలనుకుంటే ఏడాది ముందు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఇక్కడే అందరూ చిక్కుకుంటారు. “మూడు నెలల మందే కదా, మూడు నెలలు కాగానే మామూలైపోతుంది” అనుకుంటారు. మూడు నెలలు అనేది గ్యారంటీగా పనిచేసే కాలం. ఆ తర్వాత కూడా కండలో మిగిలిన మందు కరుగుతూ ఉంటుంది. రక్తంలో దాని జాడ పూర్తిగా పోవడానికి చివరి ఇంజెక్షన్ నుంచి నాలుగు నుంచి ఆరున్నర నెలలు పడుతుంది. అది పోయాకే మెదడు మళ్లీ అండాశయాన్ని నిద్రలేపడం మొదలుపెడుతుంది. ఒకసారి వేశాక ఆ మందును బయటికి లాగే మార్గం లేదు. బొప్పాయి, నువ్వులు, బెల్లం, కషాయం, ఏదీ కండలోని మందును తొందరగా కరిగించదు.

పిల్లల కోసం మానేసినవాళ్లకు చివరి ఇంజెక్షన్ తేదీ నుంచి గర్భం నిలవడానికి మధ్యస్థంగా 10 నెలలు పట్టింది. కొందరికి 4 నెలలకే నిలిచింది, కొందరికి రెండేళ్లు దాటింది. గర్భం వచ్చినవాళ్లను వందమందిగా తీసుకుంటే 68 మందికి 12 నెలల్లోపు, 93 మందికి 18 నెలల్లోపు వచ్చింది. ఎన్నేళ్లు వేయించుకున్నారన్నదానికీ ఈ ఆలస్యానికీ సంబంధం లేదు. రెండు ఇంజెక్షన్లు వేయించుకున్నవాళ్లకూ, పది వేయించుకున్నవాళ్లకూ దాదాపు అదే కాలం. గొడ్రాలవుతారన్న మాట అబద్ధం. ఆలస్యం మాత్రం నిజం, దాన్ని దాచకుండా ముందే చెప్పాల్సింది మేమే.

కాబట్టి వచ్చే ఏడాది చివర్లో గర్భం రావాలనుకుంటే ఈ ఏడాది చివర్లోనే ఇంజెక్షన్లు ఆపి కండోమ్‌కు మారండి. ఏడాదిలోపే బిడ్డ కావాలనుకుంటే అసలు ఈ పద్ధతి ఎంచుకోవద్దనే నా సలహా. మాత్రలో, కాపర్-టీయో మేలు. అవి మానగానే తొందరగా మామూలవుతుంది.

శైలజ చివరి ఇంజెక్షన్ 2023 మార్చి 6న. జూన్ 6న వేయించుకోలేదు, రెండో బిడ్డ కావాలనుకున్నారు. జులై, ఆగస్టు, సెప్టెంబర్ ఖాళీ. అక్టోబర్ చివర్లో మూడు చుక్కలు. డిసెంబర్ 2న, చివరి ఇంజెక్షన్‌కు దాదాపు తొమ్మిది నెలలకు, మొదటి అసలైన నెలసరి. పొత్తికడుపు నొప్పితో, నాలుగు రోజుల గీతలతో. తర్వాతది 45 రోజులకు, జనవరి 16న. ఆ తర్వాతది 34 రోజులకు, ఫిబ్రవరి 19న. మార్చి చివర్లో కిట్ మీద రెండు గీతలు వచ్చాయి. చివరి ఇంజెక్షన్ నుంచి గర్భం నిలిచేదాకా లెక్కిస్తే దాదాపు సరిగ్గా ఏడాది. తొలి నెలసరులు ఇలా 45 రోజులకో, 34 రోజులకో రావడం తప్పేమీ కాదు, వరుస కుదురుకోవడానికి కొంచెం సమయం పడుతుంది.

ఈ ఎదురుచూసే నెలల్లో మూడు సంగతులు గుర్తుంచుకోండి. నెలసరి కంటే ముందే అండం విడుదలవుతుంది. అంటే మొదటి నెలసరి రాకుండానే గర్భం రావచ్చు. బిడ్డ వద్దనుకునేవాళ్లు “ఇంకా డేటే రాలేదు కదా” అని ధీమాగా ఉండొద్దు. తర్వాతి ఇంజెక్షన్ తేదీ నాటికే కండోమ్ లేదా వేరే పద్ధతి మొదలైపోవాలి. బిడ్డ కావాలనుకునేవాళ్లు నాలుగైదు వారాలకోసారి కిట్‌తో చూసుకోండి. డేట్ రాదు కాబట్టి డేట్ తప్పడం మీకు తెలియదు.

రెండోది, ఫోన్‌లో డేట్లు చెప్పే యాప్‌లను ఈ కాలంలో నమ్మకండి. పాత నెలల లెక్క పెట్టి అవి చెప్పే ‘అనుకూలమైన రోజులు’ ఇప్పుడు ఉత్త ఊహే. రెండు మూడు రోజులకోసారి కలుస్తుంటే చాలు.

మూడోది, ఫోలిక్ యాసిడ్. రోజుకు 400 మైక్రోగ్రాములు, ప్రయత్నం మొదలుపెట్టినప్పటి నుంచే.

ఆరో పని: డేట్ రప్పించే మాత్రలకు తొందరపడకండి

సెప్టెంబర్‌లో శైలజ నాకు చెప్పకుండా ఇంటి దగ్గర ఒక క్లినిక్‌కు వెళ్లింది. మూడు నెలలుగా డేట్ రావట్లేదని మాత్రమే చెప్పింది, ఇంజెక్షన్ సంగతి చెప్పలేదు. అక్కడ అడగనూ లేదు. డేట్ రప్పించడానికి పది రోజుల మాత్రలు రాశారు. ఆ షీట్ తెచ్చి నా చేతిలో పెట్టింది. వెనకవైపు వెండిరంగు రేకు మీద సన్నటి అక్షరాలు చదివి నేనే ఉలిక్కిపడ్డాను. మెడ్రాక్సీప్రొజెస్టిరాన్. ఏ మందు ఒంట్లోంచి పోవాలని ఎదురు చూస్తున్నామో, అదే మందు మళ్లీ మాత్ర రూపంలో.

ఆ మాత్రలు వేరే సందర్భాల్లో మంచివే. లోపలి పొర మందంగా పెరిగి ఉండి ఊడనప్పుడు పనికొస్తాయి. ఇక్కడ పొరే పల్చగా ఉంది, వేసుకున్నా రక్తం రాకపోవచ్చు. వచ్చినా అది మాత్ర ఆపినందుకు వచ్చిన రక్తమే గానీ, అండం విడుదలైందనడానికి గుర్తు కాదు. గర్భం తొందరగా రావడానికి అది సాయపడదు. ఎవరైనా అలాంటి మాత్రలు రాస్తే, రేకు మీద పేరు చదవండి, చివరి ఇంజెక్షన్ తేదీ చెప్పి “ఇప్పుడు ఇది అవసరమా డాక్టర్?” అని అడగండి.

ఎప్పటిదాకా ఆగాలి

చివరి ఇంజెక్షన్ నుంచి 12 నెలలు గడిచినా నెలసరి రాకపోతే ఇక ఎదురుచూడకండి. మీకు 35 ఏళ్లు దాటితే, ఇంజెక్షన్‌కు ముందే నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చేదైతే, రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తుంటే, లేదా ఈ మధ్య బరువు బాగా పెరిగినా తగ్గినా, ఏడాది దాకా ఆగకుండా ముందే వెళ్లండి. అక్కడ చేసేవి మామూలు పరీక్షలే. ముందు గర్భ పరీక్ష, తర్వాత థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రక్త పరీక్షలు, ఒక స్కాన్. థైరాయిడ్, పీసీఓడీ లాంటివి ఇంజెక్షన్ వెనక దాక్కుని ఉండవచ్చు. నలభైలలో ఉన్నవాళ్లకు నెలసరి ఆగే వయసే దగ్గరపడి ఉండవచ్చు.

వెళ్లేటప్పుడు ఇంజెక్షన్ కార్డు, గుర్తులు పెట్టిన క్యాలెండర్ పేజీలు తీసుకెళ్లండి. డాక్టరు ముందు కూర్చోగానే “డేట్ రావట్లేదు” అని మొదలుపెట్టకండి. “నేను మూడు నెలల ఇంజెక్షన్ వేయించుకునేదాన్ని, చివరిది ఫలానా తేదీన” అని మొదలుపెట్టండి.